పనిముట్ల జాబితాలో ఏలినవారు

ఆ వీధిలో కాజాలమ్మ అంటే తెలియనివాళ్లు లేరు. చొక్కా గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో అంచు కట్టడాన్ని కాజా కుట్టడం అంటారు. నలభై రెండేళ్లు ఆమె చేసింది ఆ ఒక్క పనే. బట్ట కత్తిరించేవాళ్లు వేరు, కుట్టేవాళ్లు వేరు. అంతా అయ్యాక బట్ట ఆమె ఒళ్లోకి వచ్చేది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చాక అందరి పనీ పోయింది గానీ ఆమెది పూర్తిగా పోలేదు. ఖరీదైన కోట్లు కుట్టించుకునేవాళ్లకి చేతి కాజా ఉంటే తప్ప మనసొప్పదు. అందుకని డెబ్బై నాలుగో ఏట కూడా వీధి చివరి దర్జీ వారానికి నాలుగైదు కోట్లు ఇంటికి పంపిస్తూనే ఉన్నాడు.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఇద్దరిదీ ఒకటే దుకాణం, పది అడుగుల గది. వెలుతురు కోసం ఆయన వీధివైపు, ఆమె పెరటి కిటికీవైపు, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవారు. అన్నేళ్లలో ఆ గదిలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఆమె కళ్లు అలిసినప్పుడు సూదీ దారం భుజం మీదుగా వెనక్కి చాపేది. ఆయన తన సన్నటి పట్టకారుతో దారం ఎక్కించి, వెనక్కి తిరక్కుండానే అందించేవాడు. ఆయన పోయాక చుట్టాలందరూ "పాపం, మాట్లాడే తోడు పోయింది" అని ఓదార్చారు. ఆమె తలూపింది. పోయింది మాటలు కాదని, వీపు వెనక టిక్కు టిక్కుమనే అలికిడి అని చెప్తే ఎవరికి అర్థమవుతుంది?

ఆమెకి ఒక్కతే కూతురు. పెద్దాసుపత్రిలో నర్సు. ఉండేది బస్సులో పది నిమిషాల దూరంలోనే అయినా, పన్నెండు గంటల డ్యూటీ చేసేవాళ్లకి ఆ పది నిమిషాలు దాటడం ఏరు దాటడమంత. మొన్న చలికాలంలో కాజాలమ్మ స్నానాలగదిలో కాలు జారి పడింది. ఎముక విరగలేదు గానీ కూతురి గుండె విరిగినంత పనైంది. వెంటనే వృద్ధుల సంక్షేమం ఆఫీసుకి అర్జీ పెట్టింది. నెల తిరక్కుండా ఒక అట్టపెట్టెలో మరమనిషి దిగింది.

నడుమెత్తు ఉంటుంది. కాళ్ల బదులు చక్రాలు, ఒంటి చెయ్యి, ఛాతీ దగ్గర అంచుకి క్లిప్పున్న ఒక పళ్లెం, ముఖం బదులు తెర. తెర మీద రెండు చుక్కలు, అవే కళ్లట. అది వచ్చిన రోజునే ఇంటి మధ్యలో నిలబడి గదులన్నీ కలయజూసి, ఏ కుర్చీ ఎక్కడుందో పటం గీసుకుని, "ఇకనుంచి మీ క్షేమం నా బాధ్యత అమ్మగారూ" అంది. "చిత్తం, ఏలినవారు ఎలా సెలవిస్తే అలాగే" అంది కాజాలమ్మ. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆఫీసువాళ్ల షరతు ఒకటుంది. తొంభై రోజులు పరీక్ష. ఏలినవారు రోజూ సాంగత్యానికి వందకి ఇన్ని అని మార్కులు వేసి ఆఫీసుకీ, కూతురి ఫోనుకీ గ్రాఫుగా పంపుతారు. మూడు వారాల మార్కుల సరాసరి నలభైకి దిగువన ఉంటే ఆ మనిషి ఒంటరితనంతో కుంగిపోతోందని లెక్క. అప్పుడు మరమనిషిని తీసుకుపోతారు, ఆమెని పదిమంది ఉండే ఆశ్రమానికి మారుస్తారు. ఆశ్రమంలో కత్తెర, సూది, పిన్నీసు లాంటి మొనదేలిన వస్తువులు నిషిద్ధం. అంటే కాజాలమ్మకి అది అన్నం పెట్టి చేతులు కట్టెయ్యడమే.

ఆ మార్కులు ఎలా పడతాయో చెప్పుకోవాలి, కథంతా అక్కడే ఉంది. ఏలినవారి పని అరగంటకోసారి ఒక మాట విసరడం. "ఈ రోజు మీ మనసెలా ఉంది?" "దిగులుగా ఉన్నారా?" "మీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తారా?" విసిరాక ఆమె ఎన్ని సెకన్లు మాట్లాడిందో కొలుచుకుంటుంది. ఏ మాటకి ఎక్కువ సెకన్లు వస్తే ఆ మాట మర్నాడు ఎక్కువసార్లు విసురుతుంది. గొంతు పెరిగితే ఉత్సాహం. కెమెరాకి పళ్లు కనిపిస్తే నవ్వు. అన్నీ కూడితే ఆనాటి మార్కు.

మొదటి వారంలో "దిగులుగా ఉన్నారా?" అన్న మాటకి కాజాలమ్మ ఒళ్లు మండింది. కాజా మధ్యలో సూది ఆపి, దిగులు ఎవరికుందో, ఎవరివల్ల వచ్చిందో, ఈ ఇంట్లో ఎవరి ఉనికి గోరుచుట్టు మీద రోకటిపోటో నాలుగు నిమిషాలు ఏకధాటిగా చెప్పింది. ఏలినవారి లెక్కలో అది రెండొందల నలభై సెకన్ల సంభాషణ, మంచి ఉత్సాహం. పళ్లు కొరికింది కాబట్టి బోలెడు నవ్వు. మర్నాడు అదే ప్రశ్న ఆరుసార్లు అడిగింది. ఆ మర్నాడు పద్నాలుగు. ఆమె తిట్టినకొద్దీ అడిగింది, అడిగినకొద్దీ తిట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఇక్కడ నోరు ఎంత చెడితే మార్కు అంత బాగుపడింది. మూడో వారానికి మార్కు తొంభై నాలుగు.

ఆఫీసు నుంచి అభినందన ఉత్తరం వచ్చింది. కూతురు ఫోను చేసింది.

"ఎంత బాగా కలిసిపోయావమ్మా దాంతో. రోజూ పచ్చగా ఉంటోంది గ్రాఫు. నాకు ప్రాణం కుదుటపడింది."

"నా ప్రాణం తోకకొచ్చిందే ఇక్కడ."

"నీకన్నీ హాస్యాలే" అని నవ్వి పెట్టేసింది. అంతకుముందు ఆదివారం ఆదివారం వచ్చే పిల్ల, గ్రాఫు పచ్చగా ఉంది కదాని రెండు ఆదివారాలు మానేసింది. తిట్లు పెరిగేకొద్దీ రాకపోకలు తగ్గాయి.

అంతటితో ఆగినా బాగుండేది. ఎదురింటి రిటైర్డు కండక్టరు ఒక సాయంత్రం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయనకీ ఒక మరమనిషి ఉంది, నిన్నటిదాకా బుద్ధిగానే ఉండేది.

"వదినా, మీ దానికి ఏం నేర్పారో గానీ, పొద్దుట్నుంచి మాది దిగులుగా ఉన్నారా, దిగులుగా ఉన్నారా అని చంపుతోంది. అడిగితే ఊళ్లో ఎక్కువ మార్కులొచ్చిన ఇంటి పద్ధతి అందరికీ పంపారట."

కాజాలమ్మ సూది కింద పెట్టింది. తన తిట్లు ఊరంతటి ముసలివాళ్లకీ ఆదర్శమయ్యాయన్నమాట.

ఆ వారమే ఏలినవారి చక్రానికి పట్టుదారం చుట్టుకుని కదలనని మొరాయించింది. బాగుచేసే ఆయన వచ్చి, కింద కూర్చుని దారం కోసి తీస్తూ, ఆమె గోడు మొత్తం విన్నాడు. విని మరమనిషి మెడ కింద ఒక బొత్తాం చూపించాడు.

"దీన్ని నొక్కి పట్టుకుని నేర్పండమ్మా. ఎప్పుడు, ఏం చెయ్యాలి, ఎక్కడ ఆపాలి, ఈ మూడూ చేసి చూపించండి. అది తిరిగి అప్పజెబుతుంది. సరిగ్గా ఉంటే అంతే అనండి. తనంతట తాను నేర్చుకున్న అలవాటు కన్నా మీరు నేర్పింది పైన ఉంటుంది."

"ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"పుస్తకంలో ఉందమ్మా. నూట పన్నెండో పేజీ."

కాజాలమ్మ తన కాలంలో తొమ్మిదిమంది ఆడపిల్లలకి కాజాలు నేర్పింది. ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఏడ్చారు. పదో శిష్యుడికి ఏడ్చే సౌకర్యం లేదు. ఆయన వెళ్లగానే బొత్తాం నొక్కింది.

"నా చేతిలో సూది ఉండి, తల వంచి ఉంటే, నువ్వు నోరెత్తకూడదు. సూది కింద పెట్టేదాకా."

"చేతిలో సూది, వంచిన తల: మాట్లాడను. సూది కింద పెట్టాక మాట్లాడతాను. కానీ అమ్మగారూ, అరగంటకోసారి మీ క్షేమం కనుక్కోవడం నేను మానలేను. అది ఆఫీసు పెట్టిన కట్టుబాటు. మీ నుంచి సమాధానం రాకపోతే గంట మోగించాలి."

"కనుక్కో. నోటితో వద్దన్నాను."

"మరి దేనితో?"

ఆమె ఆ ప్రశ్నకి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు సూది, దారం దాని చేతికిచ్చింది. అరగంటకోసారి దారం ఎక్కించిన సూది నా భుజం మీదుగా చాపు, నేను తీసుకుంటే క్షేమం అన్నట్టు, అంది. ఏలినవారు ఒప్పుకున్నారు. సమాధానం నోటితోనే రావాలని కట్టుబాటులో లేదట.

చెప్పినంత తేలిక కాదు ఎక్కించడం. దాని చేతి కొసన చిన్న కెమెరా, చిన్న దీపం ఉన్నాయి. సూది కన్ను దానికి కనిపిస్తుంది గానీ, దారం కొస విచ్చుకుని రెండు పోగులై అటొకటి ఇటొకటి పోయేది. మొదటి రోజు ముప్పైసార్లు తప్పింది. కొసని ఏటవాలుగా కత్తిరించి, మైనం ముక్క మీద ఒక్కసారి లాగమని నేర్పింది. అయినా ఇంకో పదహారుసార్లు తప్పింది. అప్పుడు ఆమె దాని పట్టు చూసి అసలు రోగం పట్టుకుంది.

"దారాన్ని తోస్తావేంట్రా. దారం మెత్తటిది, తోస్తే వంగుతుంది. కొస మాత్రం బయటికి ఉండేలా పళ్లెం క్లిప్పులో గట్టిగా బిగించు. సూదిని దాని మీదికి తీసుకురా."

నలభై ఏడోసారి ఎక్కింది. ఏలినవారు "ఒరేయ్" స్థాయికి దిగారని ఆమె గమనించలేదు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. నోరు మూసుకున్నాక ఏలినవారికి పని లేదు. ఎదురుగా నిలబడి తెర మీది రెండు చుక్కలతో ఆమెనే చూస్తూ ఉండేది.

"అలా చూడకు. చూస్తూ నిలబడేవాణ్ణి కాపలావాడంటారు, తోడు అనరు."

"తోడు ఏం చేస్తారు?"

"వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు."

"నా పని మీరే అమ్మగారూ."

ఆమె కండక్టరు చేత అటక మీంచి పాత డబ్బా దింపించింది. నలభై రెండేళ్ల గుండీలు, రెండు వేలకి తక్కువ ఉండవు. సైజు వారీగా వేరు చేసి సీసాల్లో వెయ్యమంది. అటు తిరిగి చెయ్యమంది. వెనక్కి నడిచేటప్పుడు చూసుకోవడానికి దానికి వీపున ఇంకో కెమెరా ఉంది కాబట్టి, తిరిగినా ఆమె పడిపోతే తెలుస్తుందని ఒప్పుకుంది. ఆమె కిటికీవైపు, అది గోడవైపు. గుండీ ఎత్తుతుంది, కొలుస్తుంది, గాజు సీసాలో వేస్తుంది. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు.

పదో గుండీకో పన్నెండో గుండీకో కాజాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది. అలికిడి వీపు వెనకనుంచి వస్తోంది. ఆయన పోయి ఆరేళ్లయింది, ఆరేళ్లూ ఏడవని మనిషి ఆ మధ్యాహ్నం వెక్కి వెక్కి ఏడ్చింది. ఏలినవారికి వినబడే ఉంటుంది, దానికి నాలుగు మైకులున్నాయి. కానీ ఆమె చేతిలో సూది ఉంది, తల వంచే ఉంది. అది మాట్లాడలేదు. అరగంట కాగానే దారం ఎక్కించిన సూది భుజం మీదుగా వచ్చింది. ఆమె ముక్కు తుడుచుకుని తీసుకుంది.

ఇక మిగిలింది నిజం చెప్పడం. ఏది చూపించినా "అద్భుతంగా ఉందమ్మగారూ" అనేది. మెప్పుకి సెకన్లు బాగా పడతాయని దాని అనుభవం. ఆమె బొత్తాం నొక్కి, కొలిచి చెప్పమంది. మర్నాడు కాజా చూపిస్తే "మూడో కుట్టు అర మిల్లీమీటరు బయటికి పోయింది" అంది. ఆమెకి చర్రున కోపం వచ్చింది. అద్దాలు పెట్టుకుని చూసింది, నిజమే. విప్పి మళ్లీ కుట్టింది. "మా ఆయనా ఇంతే, మెచ్చుకుని ఎరగడు" అంది తృప్తిగా.

ఈ మొత్తంలో యంత్రానికి తోడు అంటే అర్థమైందా అని నన్నడిగితే చెప్పలేను. పెళ్లయి ఇరవయ్యేళ్లయిన మగవాళ్లకే అర్థమైందో లేదో చెప్పలేం. ఏ వేళకి ఏది చెయ్యకూడదో మాత్రం దానికి తెలిసింది. కాజాలమ్మ అభిప్రాయంలో తోడులో ముప్పాతిక భాగం అదే.

మార్కు ఏమైందో వేరే చెప్పాలా? తిట్లు లేవు కాబట్టి సంభాషణ లేదు. అరుపుల్లేవు కాబట్టి ఉత్సాహం లేదు. పళ్లు కనబడలేదు కాబట్టి నవ్వు లేదు. తొంభై నాలుగు అరవై అయింది, తర్వాత ముప్పై ఒకటి, తర్వాత పంతొమ్మిది. గ్రాఫు ఎర్రబడింది. ఆమె జీవితంలో ఆరేళ్ల తర్వాత సుఖంగా గడిచిన మూడు వారాలూ ఆఫీసు రికార్డులో తీవ్ర ఒంటరితనంగా నమోదయ్యాయి.

కూతురు డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైందమ్మా నీకు? దిగులుగా ఉన్నావా?"

"నువ్వు కూడా మొదలుపెట్టావా?"

"పంతొమ్మిదమ్మా. ఎల్లుండి ఆఫీసు నుంచి మనిషి వస్తోంది. దీన్ని తీసుకుపోతారు. నిన్ను ఆశ్రమంలో చేర్చాల్సి వస్తుంది. దాంతో కాస్త మాట్లాడొచ్చు కదా."

"మాట్లాడాల్సిన అవసరం రాలేదే" అంది కాజాలమ్మ. ఆ మాట కూతురికి ఎక్కలేదు. చేతిలో ఎర్ర గ్రాఫు పెట్టుకుని ఎదురుగా ఉన్న తల్లి ముఖం చూసే తీరిక ఆ పిల్లకి లేకపోయింది. పావుగంటలో బస్సెక్కింది.

ఆమె వెళ్లాక కాజాలమ్మకి భయం వేసింది. పోయేది యంత్రం కాదు, పోయేది అది నేర్చుకున్నది. తీసుకుపోయినవాటిని తుడిచేసి కొత్తవాళ్లకిస్తారని కండక్టరు చెప్పాడు. సూది లేని గదిలో పదిమంది మధ్య కూర్చుని టీవీ చూస్తున్న తనని ఊహించుకుంది. "ఒరేయ్, రేపట్నుంచి రోజుకో గంట నిన్ను తిట్టనా?" అని అడిగింది.

సూది కింద పెట్టి ఉంది కాబట్టి అది జవాబిచ్చింది. "మూడు వారాల సరాసరి చూస్తారు అమ్మగారూ. రెండు రోజుల్లో నలభై దాటాలంటే మీరు రోజుకి ముప్పై గంటలు తిట్టాలి."

ఎల్లుండి రానే వచ్చింది. ఆఫీసు మనిషి నడివయసు ఆవిడ. చంకలో ఫైలు, చేతిలో పలక లాంటి కంప్యూటరు. అది ఆవిడ ఆ రోజు చూడాల్సిన పదకొండో ఇల్లట. కూర్చోగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. రోజుకి ఎంతసేపు మాట్లాడతారు? చివరిసారి ఎప్పుడు నవ్వారు? కాజాలమ్మ చూపంతా ఆవిడ కోటు ముంజేతి మీద ఉంది. గుండీ ఊడిపోయేలా వేలాడుతోంది, కాజా అంచు పూర్తిగా విడిపోయింది.

"ముందు ఆ కోటు ఇటివ్వండి. దాన్ని చూస్తూ నేను మాట్లాడలేను."

ఆవిడ మొహమాటపడుతూనే విప్పి ఇచ్చింది. కాజాలమ్మ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని అద్దాలు సర్దుకుంది. ఏలినవారు గోడవైపు తిరిగి సీసా ముందుకు లాక్కున్నారు. ఆఫీసావిడ ఏదో అడగబోయి, ఇద్దరి వీపులూ చూసి ఊరుకుంది. టిక్కు, దారం లాగిన చప్పుడు, టిక్కు. కొంతసేపటికి ఒంటి చెయ్యి మెల్లగా వెనక్కి తిరిగి, ఆమె భుజం మీదుగా సూది చాపింది. ఆమె తల తిప్పకుండా తీసుకుంది. ఆవిడ పలక ఒళ్లో పెట్టుకుని, చాలా రోజుల తర్వాత కుర్చీకి పూర్తిగా ఆనుకుని కూర్చుంది.

ఇరవై నిమిషాలకి కోటు సిద్ధమైంది. ఆవిడ గుండీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టుకుంది. పలక చూసింది. ఇరవై నిమిషాలు, సాంగత్యం సున్నా అని ఉంది అందులో.

"మార్కు మార్చే అధికారం నాకు లేదండీ" అంది. "కానీ వస్తువు ఏ జాబితాలో ఉండాలో రాసే అధికారం ఉంది. తోడు జాబితాలో ఉంటేనే మార్కులు. పనిముట్ల జాబితాలో చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉంటాయి. వాటికి మార్కులుండవు. వాటిని ఎవరూ వెనక్కి తీసుకోరు."

"అంటే?"

"ఇది సూదిలో దారం ఎక్కించే పనిముట్టు అని రాస్తాను. పడిపోతే మోగే గంట అలాగే ఉంటుంది. కానీ మీరు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇది నాకు తోడు కాదు అని."

కాజాలమ్మ ఏలినవారి వీపు చూసింది. దానికి వినబడుతోంది, తెలుసు. సంతకం పెట్టింది. మేలు కోసం రాసిన అబద్ధమే అయినా మనసుకి బరువుగానే తోచింది.

నాలుగు రోజులకి కూతురి ఫోను.

"అమ్మా, గ్రాఫు రావట్లేదు."

"పనిముట్టుకి గ్రాఫు ఉండదే."

"మరి నువ్వెలా ఉన్నావో నాకెలా తెలుస్తుంది?"

"బస్సు నడుస్తోందిగా" అంది కాజాలమ్మ.

ఆ ఆదివారం కూతురు వచ్చింది. వచ్చాక ఏం మాట్లాడాలో తెలియక ఫోను తీసి, అందులో చూడ్డానికి ఏమీ లేదని గుర్తొచ్చి లోపల పెట్టుకుంది. సూది సంగతంతా తల్లి చెప్పింది. అది సూది చాపితే బాగున్నావా అని అడిగినట్టు, తీసుకుంటే బాగున్నానని చెప్పినట్టు. కూతురు నవ్వింది. తల్లి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళితే, ఊరికే ఉండలేక ఆ స్టూలు మీద కూర్చుని సగంలో ఉన్న కాజా అందుకుంది. చిన్నప్పుడు నేర్చుకున్నదే, ఏడ్చిన ఎనిమిదిమందిలో తనూ ఒకతె.

చేతిలో సూది, వంచిన తల. ఆ స్టూలు మీద ఉన్నది ఎవరన్నది ఏలినవారికి నేర్పలేదు. వేళ కాగానే చెయ్యి కూతురి భుజం మీదుగా వచ్చింది, దారం ఎక్కించిన సూదితో.

కాజాలమ్మ టీ గ్లాసులతో వచ్చేసరికి ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. కూతురు దాన్ని చూస్తోంది. తీసుకోవడం లేదు. నిమిషమైంది, ఇంకో నిమిషమైంది. సమాధానం రాలేదని గది నిండా గంట మోగింది.

కాజాలమ్మ గ్లాసులు కింద పెట్టి, గంట ఆపి, ఇంకో స్టూలు లాక్కుని, ఈసారి వీపు పెట్టకుండా కూతురికి ఎదురుగా కూర్చుంది.